నికోటిన్ అంతే, దెబ్బ మాత్రం ఎక్కువ

అరచేతిలో పొగాకు వేసుకుని, చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపి దవడన పెట్టుకునేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. సున్నం లేకుండా ఖైనీ వేసుకోమంటే వాళ్లు ఒప్పుకోరు. సున్నం తగలకపోతే ఎక్కదని వాళ్ల అనుభవం చెబుతుంది. ఆ అనుభవం వెనక రసాయనశాస్త్రం ఉంది. సున్నం క్షారం. అది పొగాకులోని నికోటిన్‌ను పట్టి ఉంచిన ఆమ్లాలను విరిచేస్తుంది. అలా విడివడ్డ నికోటిన్ చిగురు పొర గుండా చకచకా రక్తంలోకి దిగుతుంది. పొగాకు ఎంత వేశారో అంతే, అందులోని నికోటిన్ కూడా అంతే. మారింది దాని రూపం ఒక్కటే.

అమెరికాలోని సిగరెట్ కంపెనీలు 1960ల నుంచి చేసిన పని కూడా ఇదే సూత్రం మీద నడిచింది. అక్కడ సున్నానికి బదులు అమోనియా సమ్మేళనాలు వాడారు. వాటితో పాటు, వాటికి సరిగ్గా ఎదురు దిశలో పనిచేసే చక్కెరలు కూడా కలిపారు. ఒకటి పొగను క్షారం వైపు నెడితే రెండోది ఆమ్లం వైపు లాగుతుంది. ఈ రెండూ ఒకే సిగరెట్‌లో ఎందుకున్నాయన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే ముందు నికోటిన్ స్వభావం కొంచెం తెలియాలి.

నికోటిన్ స్వతహాగా క్షార గుణం ఉన్న పదార్థం. చుట్టూ ఆమ్లం ఉంటే దానితో కలిసి లవణంగా మారుతుంది. లవణంగా ఉన్నప్పుడు అది ఆవిరి కాదు, పొగలోని సూక్ష్మమైన తారు బిందువుల్లోనే అణిగి ఉంటుంది, శరీరపు పొరలను కూడా అంత తేలిగ్గా దాటదు. ఆమ్లం తగ్గితే విడి నికోటిన్‌గా బయటపడుతుంది. ఈ విడి నికోటిన్‌కు ఆవిరయ్యే గుణం ఉంది. కొవ్వుతో కూడిన కణపొరల్లో సులువుగా ఇమిడిపోతుంది. ఏ రూపం ఎంత ఉంటుందో నిర్ణయించేది పీహెచ్. ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే ఈ కొలమానంలో 7 మధ్యస్థం. అంకె దిగేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం.

నికోటిన్‌కు 8 దగ్గర సగం సగం అవుతుంది. అంటే పీహెచ్ 8 ఉంటే సగం లవణం, సగం విడి నికోటిన్. అక్కడి నుంచి కిందికి లెక్కకట్టడం కష్టం కాదు. ఒక సిగరెట్ పొగలో 1 మిల్లీగ్రాము నికోటిన్ ఉందనుకుందాం. పొగ పీహెచ్ 6 అయితే అందులో విడిగా ఉండేది దాదాపు 1 శాతం. 6.5కు చేరితే 3 శాతం అవుతుంది. 7కు చేరితే 9 శాతం. చూడటానికి ఒక్క అంకె తేడానే. కానీ విడి నికోటిన్ తొమ్మిది రెట్లయింది. ఆ 1 మిల్లీగ్రాము మాత్రం ఎక్కడా మారలేదు. ఈ లెక్కలో ఉన్న మలుపే తర్వాతి కథనంతా నడిపించింది.

మరి పొగ ఆమ్లమా క్షారమా అన్నది దేన్ని బట్టి ఉంటుంది? చాలావరకు ఆకును ఎలా ఆరబెట్టారన్నదాన్ని బట్టి. ఇది మన ప్రాంతంలో అందరికంటే పొగాకు రైతులకే బాగా తెలిసిన విషయం. ప్రకాశం జిల్లాలోనో, జంగారెడ్డిగూడెం వైపో వర్జీనియా ఆకును బ్యారన్‌లో పెట్టి వేడిగాలితో క్యూరింగ్ చేస్తారు. మొదట తక్కువ వేడిలో ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచగానే ఆకులోని జీవక్రియ ఆగిపోయి ఆ చక్కెర అలాగే నిలిచిపోతుంది. ఆరేడు రోజుల్లో పని పూర్తవుతుంది. ఇలా తయారైన వర్జీనియా ఆకులో బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, చక్కెరే ఉంటుంది.

బర్లీ కథ వేరు. దాన్ని దారానికి గుచ్చి పందిళ్ల కింద వేలాడదీసి వారాల తరబడి గాలికి ఆరనిస్తారు. కోసిన తర్వాత కూడా ఆకు చాలా రోజులు శ్వాసిస్తూనే ఉంటుంది. ఆ శ్వాసలో తన చక్కెరనంతా తానే ఖర్చు చేసుకుంటుంది. చివరికి చక్కెర దాదాపు శూన్యం, నత్రజని సమ్మేళనాలు మాత్రం దండి. నత్రజని ఎక్కువున్న ఆకు కాలితే అమోనియా పుడుతుంది, పొగ క్షారం వైపు మొగ్గుతుంది. చక్కెర ఎక్కువున్న ఆకు కాలితే ఎసిటిక్, ఫార్మిక్ వంటి ఆమ్లాలు పుట్టి పొగ ఆమ్లం వైపు తిరుగుతుంది.

చుట్ట తాగేవాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. చుట్ట పొగ క్షారం. ఘాటు గొంతు పట్టేస్తుంది కాబట్టి దాన్ని గుండెల నిండా పీల్చడం కష్టం. పీల్చాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అందులో విడి నికోటిన్ ఎక్కువుంటుంది, నోటి పొరల గుండానే ఒంట్లోకి చేరిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్లు నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా ఊపిరితిత్తుల కంటే నోటినే ఎక్కువ దెబ్బతీస్తుంది. అంగిట్లో వచ్చే పుండ్లు, క్యాన్సర్లు దానికి సాక్ష్యం. సిగరెట్ పొగ మాత్రం స్వల్పంగా ఆమ్లం. నోట్లో దాని నికోటిన్ పెద్దగా ఇంకదు. కానీ మెత్తగా ఉంటుంది కాబట్టి ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగుతుంది. అక్కడున్న అపారమైన తడి ఉపరితలం మీద నికోటిన్ క్షణాల్లో రక్తంలో కలిసి, పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. వ్యసనం అంతగా ముదరడానికి ఈ వేగమే పెద్ద కారణం. దానికి తోడు ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఆ లోతైన పీల్పుతోనే వచ్చింది.

అంటే సిగరెట్ తయారీదారుకు రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలున్నాయి. పొగ మెత్తగా ఉండాలి, లేకపోతే ఎవరూ లోతుగా పీల్చరు. అదే సమయంలో గొంతులో తగలాలి, లేకపోతే తాగినట్టే అనిపించదు. చక్కెర మొదటి అవసరం తీరుస్తుంది, అమోనియా రెండోది.

చక్కెర వాడకం పాతదే. 1913లో రేనాల్డ్స్ కంపెనీ కేమెల్ సిగరెట్ తెచ్చినప్పుడు వర్జీనియా, బర్లీ, ఓరియంటల్ ఆకులు మూడూ కలిపింది. అమెరికన్ మిశ్రమం అని పేరుపడ్డది అదే. బర్లీ ఆకు స్పాంజిలా ద్రవాన్ని పీల్చుకుంటుంది. అందుకని దానికి చక్కెర పాకం, అతిమధురం, కోకో వంటివి పట్టించి, ఎండబెట్టి కలుపుతారు. ఆరబెట్టడంలో పోయిన చక్కెరను తిరిగి ఇస్తున్నామని కంపెనీలు చెప్పే మాట సగం నిజం. మిగతా సగం కాలినప్పుడు జరిగేది. చక్కెర కాలి పుట్టిన ఆమ్లాలు బర్లీ క్షారాన్ని అణచి, పొగ గరుకుదనాన్ని తగ్గిస్తాయి. కమిలిన చక్కెర వాసన తియ్యగా చుట్టుకుంటుంది. మొదటిసారి నోట్లో పెట్టుకున్న కుర్రాడికి దగ్గు కాస్త తగ్గడమంటే, రెండోసారి పెట్టుకోవడానికి ఉన్న అడ్డు తొలగిపోవడమే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

చక్కెర కాలినప్పుడు ఆల్డిహైడ్లు కూడా పుడతాయి. వాటిలో ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ ఊపిరితిత్తులకు నేరుగా విషం. ఎసిటాల్డిహైడ్ సంగతి ఇంకా లోతైనది. ఫిలిప్ మోరిస్ కంపెనీ ప్రయోగశాలలో విక్టర్ డినోబుల్, పాల్ మీల్ అనే శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. మీట నొక్కితే నికోటిన్ అందేలా ఏర్పాటు చేస్తే ఎలుకలు తమంతట తామే నొక్కేవి. నికోటిన్‌తో పాటు ఎసిటాల్డిహైడ్ కూడా కలిపి ఇస్తే ఇంకా ఎక్కువసార్లు నొక్కాయి. 1984లో కంపెనీ ఆ ప్రయోగశాలను మూసేసింది. పదేళ్ల తర్వాత, 1994లో, డినోబుల్ అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఆ సంగతులు బయటపెట్టారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పొగలోని ఎసిటాల్డిహైడ్‌లో ఎక్కువ భాగం ఆకులో సహజంగా ఉండే సెల్యులోజ్ వంటి వాటి నుంచే వస్తుంది. కలిపిన చక్కెర దానికి కొంత జోడిస్తుందంతే. కాబట్టి చక్కెర తీసేస్తే వ్యసనం పోతుందని ఎవరైనా అంటే నమ్మడానికి లేదు.

ఇక అమోనియా దగ్గరికి వద్దాం. సిగరెట్ తయారీలో బోలెడంత చెత్త మిగులుతుంది. ఆకు ఈనెలు, కాడలు, పొడి, దుమ్ము. పారేయకుండా వీటిని నీటితో మెత్తటి గుజ్జు చేసి, పలచటి షీటులా పరిచి, ఆరబెట్టి, సన్నగా తరిగి మళ్లీ సిగరెట్‌లో కలుపుతారు. ఆ షీటు అతుక్కుని నిలవాలంటే జిగురు కావాలి. ఆకులోనే పెక్టిన్ అనే సహజమైన జిగురు ఉంది, కానీ కాల్షియం దాన్ని గట్టిగా కట్టి ఉంచుతుంది. డైఅమోనియం ఫాస్ఫేట్ కలిపితే ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, పెక్టిన్ విడుదలై జిగురుగా పనిచేస్తుంది. ఇది మన పొలాల్లో డీఏపీ అని పిలిచే ఎరువులోని రసాయనమే. ఫిలిప్ మోరిస్ 1960ల మధ్య నుంచి తన మార్ల్‌బరోలో వాడిన షీటు ఈ తరహాదే.

షీటు ఆరేటప్పుడు రెండో పని జరుగుతుంది. అమోనియా చక్కెరలతో కలిసి పైరజీన్లనే పదార్థాలను పుట్టిస్తుంది. వేయించిన గింజల, చాక్లెట్ రుచినిచ్చేవి ఇవే. అమోనియా కలిపింది రుచి కోసం, జిగురు కోసం అని కంపెనీలు ఇప్పటికీ చెప్పడానికి ఆధారం ఇక్కడుంది. అది అబద్ధం కాదు. కానీ మూడో పని కూడా ఉంది. షీటులో మిగిలిన అమోనియా సమ్మేళనాలు నిప్పు వేడికి విచ్ఛిన్నమై అమోనియా వాయువును వదులుతాయి. అది పొగలోని ఆమ్లాలతో కలిసిపోతుంది. నికోటిన్‌ను పట్టుకుని కూర్చోవడానికి ఆమ్లం తక్కువ పడుతుంది. విడి నికోటిన్ వాటా పెరుగుతుంది.

ఈ మూడో పనిని పసిగట్టి రాతలో పెట్టింది పోటీ కంపెనీ. 1970ల మొదట్లో రేనాల్డ్స్ కంపెనీకి నిద్ర పట్టని పరిస్థితి. తమ విన్‌స్టన్ అమ్మకాలు నిలిచిపోతుంటే మార్ల్‌బరో దూసుకొస్తోంది. కారణమేమిటో తేల్చమని తమ శాస్త్రవేత్తలను పురమాయించారు. వాళ్లు మార్కెట్లోని బ్రాండ్ల పొగ పీహెచ్‌ను ఏళ్లవారీగా కొలిచి, అమ్మకాల పక్కన పెట్టి చూశారు. పరిశోధన విభాగంలో పెద్ద హోదాలో ఉన్న క్లాడ్ టీగ్ 1973లో రాసిన అంతర్గత నివేదికలో సారాంశం ఇది: సాధారణంగా పొగ పీహెచ్ 6 దగ్గరో అంతకు దిగువో ఉంటే నికోటిన్ అంతా ఆమ్లాలతో కట్టుపడి ఉంటుంది, మెల్లగా ఒంటికి పడుతుంది. 6 దాటేకొద్దీ విడి నికోటిన్ పెరిగి, తాగేవాడికి తక్షణం కిక్కుగా తెలుస్తుంది. మార్ల్‌బరో పొగ పీహెచ్ తమ విన్‌స్టన్ కంటే ఎక్కువని, విడి నికోటిన్ కూడా ఎక్కువని అందులో రాశారు. మరుసటి సంవత్సరమే, 1974లో, రేనాల్డ్స్ తన కేమెల్ ఫిల్టర్ సిగరెట్‌లో అమోనియా పట్టించిన షీటు వాడటం మొదలుపెట్టింది. మిగతా కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి ఆ బాట పట్టాయి.

మార్ల్‌బరో గెలుపుకు అమోనియాయే కారణమని రేనాల్డ్స్ నమ్మింది. ఆ నమ్మకాన్ని యథాతథంగా తీసుకోనక్కర్లేదు. గుర్రమెక్కిన కౌబాయ్ ప్రకటనలు ఆ బ్రాండ్‌కు చేసిన మేలు తక్కువ కాదు. కానీ కంపెనీలు ఏం చేయాలని ఉద్దేశించాయో తెలుసుకోవడానికి ఈ కాగితాలు చాలు. వాళ్లు పీహెచ్‌ను కొలిచారు, దాన్ని కిక్కుతో ముడిపెట్టారు, దాన్ని బట్టి సిగరెట్‌ను మార్చారు.

ఆ రోజుల్లోనే ఇది ఎందుకంత అవసరమైందో కూడా చూడాలి. ధూమపానం క్యాన్సర్ తెస్తుందని 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చాక, తారు తక్కువున్న సిగరెట్ల కోసం ఒత్తిడి పెరిగింది. తారు తగ్గిస్తే నికోటిన్ కూడా తగ్గుతుంది. నికోటిన్ తగ్గితే కొనేవాడు మరో బ్రాండ్‌కు పోతాడు. తక్కువ నికోటిన్‌తో అదే దెబ్బ కొట్టించగలిగితే ఆ చిక్కు తీరిపోతుంది. పైగా ప్రభుత్వ పరీక్షలో ఇది దొరకదు. పరీక్షా యంత్రం నిర్ణీత వ్యవధిలో దమ్ము లాగి, పొగను ఒక ఫిల్టర్ ముక్క మీద పట్టి, దాన్ని ద్రావకంలో నానబెట్టి నికోటిన్‌ను తూకం వేస్తుంది. అది మొత్తం నికోటిన్ లెక్క. అందులో ఎంత లవణం, ఎంత విడిగా ఉందన్న సంగతి ఆ ద్రావకంలోనే చెరిగిపోతుంది. రెండు బ్రాండ్ల మీద 1 మిల్లీగ్రాము అనే రాసి ఉంటుంది. ఒకదానిలో విడి నికోటిన్ మరొకదానికంటే మూడు రెట్లున్నా ఆ అంకె ఏమీ చెప్పదు.

ఈ సంగతి జనం చెవిన పడింది 1994లో. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అధిపతి డేవిడ్ కెస్లర్ కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చి, ఒక పెద్ద కంపెనీ ఆకు మిశ్రమాలు తయారుచేసేవాళ్ల కోసం రాసుకున్న చేతిపుస్తకాన్ని ప్రస్తావించారు. అమోనియా వాడితే నికోటిన్ ప్రభావం పెరుగుతుందని అందులో స్పష్టంగా ఉంది. దాదాపు రెండు నెలల ముందు, అదే సభలో, ఏడుగురు సిగరెట్ కంపెనీల అధిపతులు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనకారి అని తాము నమ్మడం లేదని చెప్పి వెళ్లారు. కంపెనీలు కలుపుతున్న 599 పదార్థాల జాబితా బయటికొచ్చిందీ ఆ ఏడాదే. అందులో అమోనియా, అమోనియం హైడ్రాక్సైడ్, డైఅమోనియం ఫాస్ఫేట్, రకరకాల చక్కెరలు పేరుపేరునా ఉన్నాయి.

అమోనియా వల్ల రక్తంలోకి నికోటిన్ ఎక్కువ చేరుతుందా అంటే, జవాబు జాగ్రత్తగా చెప్పాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నికోటిన్ ఏ రూపంలో ఉన్నా దాదాపు మొత్తం ఇంకిపోతుంది. అక్కడి తడి పొర పీహెచ్ 7.4 దగ్గరుంటుంది, పొగలోని కొద్దిపాటి ఆమ్లాన్ని అది ఇట్టే సర్దేస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు అమోనియా ఎక్కువున్న, తక్కువున్న సిగరెట్లను తాగించి రక్తపరీక్షలు చేస్తే నికోటిన్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కంపెనీలు ఈ ఫలితాన్నే ముందుకు తెస్తాయి.

అయితే కిక్కు అంటే రక్తంలోని పరిమాణం ఒక్కటే కాదు. విడి నికోటిన్ తారు బిందువుల్లోంచి ఆవిరై గొంతులోనూ శ్వాసనాళం పైభాగంలోనూ నేరుగా తగులుతుంది. అక్కడి నరాల కొసలు దాన్ని వెంటనే మెదడుకు చెబుతాయి. అసలు నికోటిన్ రక్తం ద్వారా మెదడుకు చేరే లోపే, వస్తోందన్న కబురు ముందే అందుతుంది. వేలసార్లు ఇలా జరిగితే ఆ గొంతు దెబ్బే ఒక కోరికగా ముద్రపడిపోతుంది. తక్కువ నికోటిన్ ఉన్న సిగరెట్‌ను కూడా బలమైనదిగా నమ్మించగలిగేది ఇదే. టీగ్ కొలిచింది, కంపెనీలు కోరుకున్నది కూడా ఈ దెబ్బనే.

కొలతలోనూ చిక్కుంది. పీహెచ్ అన్నది నీటిలో కరిగిన వాటికి వర్తించే కొలమానం. పొగలో నీరు కొద్దిగానే ఉంటుంది, అదీ తారు బిందువుల్లో కలిసి. పాత పద్ధతుల్లో ఒక్కో ప్రయోగశాలకు ఒక్కో అంకె వచ్చేది. ఒరెగాన్‌కు చెందిన జేమ్స్ పాంకో బృందం అందుకే పీహెచ్‌ను పక్కనపెట్టి, పొగ బిందువుల్లో విడి నికోటిన్ వాటానే నేరుగా కొలిచింది. 2003లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో మార్ల్‌బరో మొదటి దమ్ముల్లో ఆ వాటా 10 శాతం దగ్గర ఉంది, తర్వాతి దమ్ముల్లో తగ్గిపోయింది. అందరినీ ఆశ్చర్యపరిచింది మరో బ్రాండ్. ఏమీ కలపలేదని ప్రచారం చేసుకున్న అమెరికన్ స్పిరిట్‌లో ఆ వాటా మూడో వంతు దాటింది. ఆకు ఎంపికతోనే అంత వచ్చింది.

ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. కెనడాలోనూ, బ్రిటన్‌లోనూ, మన దేశంలోనూ సంప్రదాయంగా అమ్ముడుపోయేవి ఎక్కువగా వర్జీనియా ఆకు సిగరెట్లు. ఆ ఆకులో చక్కెర సహజంగానే నిండుగా ఉంటుంది, బయటి నుంచి పెద్దగా కలపనక్కర్లేదు. అయినా అక్కడి జనం వాటికి తక్కువేమీ బానిసలు కాలేదు. ఏమీ కలపని సిగరెట్ అన్న మాట విని ఊరట చెందడానికి ఏమీ లేదు.

అమెరికాలో ప్రభుత్వం వేసిన దావాలో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ 2006లో ఇచ్చిన తీర్పు, వ్యసనాన్ని నిలబెట్టేలా కంపెనీలు సిగరెట్లను రూపొందించాయని తేల్చింది. ఏళ్ల తరబడి అప్పీళ్లు నడిచాక 2017 నవంబరులో పత్రికల్లో, టీవీల్లో కంపెనీలు తమ ఖర్చుతో సవరణ ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది. నికోటిన్ ప్రభావాన్ని, అందే తీరును తాము అదుపు చేస్తామని, పొగ గరుకుదనం తగ్గేలా అమోనియా కలపడం అందులో ఒక పద్ధతని ఆ ప్రకటనల్లో ఉంది.

బ్రెజిల్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి ఆరోగ్య నియంత్రణ సంస్థ 2012లో తెచ్చిన నిబంధన సిగరెట్లలో రుచి పదార్థాలతో పాటు అమోనియా సమ్మేళనాలను నిషేధించింది. పరిశ్రమ కోర్టుకెక్కింది. ఆ దేశంలో బర్లీ రైతులు ఎక్కువ, చక్కెర పట్టించకుండా బర్లీ సిగరెట్ తాగడం కష్టం. అందుకే ఆరబెట్టడంలో పోయిన చక్కెర మేరకు తిరిగి కలుపుకోవచ్చని అదే నిబంధనలో మినహాయింపు పెట్టారు. అమోనియాకు తలుపు మూసిన చోట చక్కెరకు తెరిచే ఉంచారు. పొగను గుండెల్లోకి దించే పని చేసేది ఆ చక్కెరే.